ఊరు తప్ప వివరం లేని పరిచయం

ప్రశ్న: సార్, సొంతంగా ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నాను. అందులో ‘నా గురించి’ పేజీ ఖాళీగా ఉంది. ఓ నాలుగు లైన్ల పరిచయం, బాగా ఆకట్టుకునేలా రాసి పంపగలరు. – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ ఉత్తరంలో పేరు లేదు, వృత్తి లేదు, వెబ్‌సైట్ చిరునామా కూడా లేదు, తెలిసింది ఊరు ఒక్కటే. దానితో రాయగలిగేవి ‘అంకితభావం, విశేష అనుభవం, కస్టమర్ల సంతృప్తే ధ్యేయం’ వంటి మాటలే, వాటిని సుభాష్ రోడ్డులో ఏ దుకాణదారు పేరు కింద పెట్టినా అతికిపోతాయి. లేని డిగ్రీలు, అవార్డులు కల్పించి రాయడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే చదివినవారు ఫోన్ చేసి వాటి గురించి అడిగేది మిమ్మల్నే.

బోరు మోటార్లకు వైండింగ్ చేసే ఒకాయన ఉన్నారనుకుందాం. ఏం చేస్తారని అడిగితే ఆయన ముందు ‘అన్ని మోటారు పనులూ చేస్తాం’ అంటారు. ఇంకాస్త కదిపితే, ఎక్కువగా వచ్చేవి కాలిపోయిన 5, 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటార్లనీ, శింగనమల, గార్లదిన్నె వైపు రైతులు తెస్తారనీ, 2012లో షాపు పెట్టారనీ, వైండింగ్ అయ్యాక మోటారును నీళ్లతొట్టిలో ముంచి మెగ్గర్ అనే పరీక్ష మీటరుతో ఇన్సులేషన్ రీడింగ్ చూపించాకే అప్పగిస్తారనీ బయటపడుతుంది. ఇక పరిచయం దానంతటదే తయారవుతుంది:

“(పేరు) అనంతపురంలో 2012 నుంచి బోరు మోటార్లకు వైండింగ్ చేస్తున్నారు. కాలిపోయిన 5, 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటార్లు ఆయన ప్రధానమైన పని. ప్రతి మోటారునూ నీళ్లలో ఉంచి, మెగ్గర్ రీడింగ్ రైతుకు చూపించాకే ఇస్తారు. ఫోన్: (నంబరు).”

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. అయినా మోటారు కాలిన రైతును ఫోన్ దగ్గరికి నడిపించేది ఆ మెగ్గర్ వాక్యమే. ‘ఇన్నేళ్ల అనుభవం’ అని అంకె వేసి రాస్తే మరుసటి ఏడాదికే అది తప్పవుతుంది కాబట్టి, మొదలుపెట్టిన సంవత్సరం రాయడమే మేలు.

మొదటి వాక్యంలోనే పేరు, పని, ఊరు మూడూ ఉండాలి. గూగుల్ ఫలితాల్లో పేజీ పేరు కింద కనిపించేది రెండు మూడు లైన్లే, మిగతాది తెగిపోతుంది. ఆ వాక్యాన్నే పేజీ కోడ్‌లో ‘హెడ్’ భాగంలో ఇలా కూడా ఉంచవచ్చు:

```html
<meta name="description" content="ఇక్కడ మొదటి వాక్యం">
```

గూగుల్ ప్రతిసారీ దీన్నే చూపిస్తుందన్న హామీ లేదు. వెతికిన మాటలను బట్టి పేజీలోని వేరే వాక్యాన్ని కూడా తీసుకుంటుంది. మనవాళ్లు చాలామంది పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి వెతుకుతారు గనుక, మీ పేరు, ఊరి పేరు పేజీలో ఒక్కసారైనా ఆ అక్షరాల్లోనూ ఉండాలి.

రోజూ చేసే పని, ఎవరికోసం, ఏ సంవత్సరం నుంచి, ఎవరైనా వచ్చి చూసుకోగలిగిన విశేషం ఒకటి పంపండి; నాలుగు లైన్లు రాసి ఇస్తాను. అప్పటిదాకా ఆ పేజీలో మీ పేరు, పని, ఫోన్ నంబరు మాత్రం ఉంచండి, అదీ వీలుకాకపోతే మెనూ నుంచి దాని లింకు తీసేయండి.