మీటింగ్‌కి ముందు పంపే మెయిల్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ రొయ్యల రైతుల సొసైటీకి పంపాలని రాసి, నువ్వు చూడమన్న మెయిల్ చదివాను. ‘గురువారం మూడింటికి మీటింగ్, సీడ్ గురించి చర్చ, అందరూ తప్పక రావలెను’ అని ఉంది. ఇందుకూరుపేట నుంచి, విడవలూరు నుంచి రైతులు బండేసుకుని వస్తారు, కాదనను. కానీ ఏం తేల్చాలో తెలియకుండా, చేతిలో ఒక్క వివరం లేకుండా వస్తారు. అరగంట రేట్ల గురించి మాట్లాడుకుని, టీ తాగి వెళ్తారు.

‘చర్చ’ అన్న మాట తీసెయ్. మీటింగ్ అయ్యేసరికి ఏది తేలాలో ఒక్క వాక్యంలో రాయి. మీ సొసైటీకి అసలు సమస్య ఏమిటి? అందరి గుంటలకూ నీళ్లు ఒకే ఉప్పుకాలువ నుంచి రావాలి, వాడిన నీళ్లూ అందులోకే పోవాలి. ఒకరు గుంటలో రొయ్య పిల్ల వేసే సమయానికి పక్కవాళ్లు వైట్ స్పాట్ వచ్చిన గుంట నీళ్లు వదిలితే ఆ జబ్బు ఇటు పాకుతుంది. అందుకే అందరూ దగ్గర దగ్గర తేదీల్లో పిల్ల వేయాలని మీరనుకుంటున్నారు. అదే రాయి: ‘ఈ మీటింగ్‌లో కాలువ మీది గుంటలన్నిటికీ పిల్ల వేసే వారం, నీళ్లు వదిలే వంతులు ఖాయం చేస్తాం.’ ఇలా ఒక వాక్యం రాయలేకపోతే ఆ మీటింగ్‌కి ఇంకా వేళ కాలేదన్నమాట. ఫోన్‌లో మాట్లాడుకుంటే సరిపోతుంది.

నేనైతే మెయిల్ ఇలా రాస్తాను:

సబ్జెక్టు: 12 గురువారం మీటింగ్ – పిల్ల వేసే వారం ఖాయం – 10వ తేదీలోపు జవాబు ఇవ్వండి

3:00–3:25 పిల్ల ఏ వారం వేద్దాం? (నిర్ణయం)
3:25–3:45 నీళ్లు వదిలే వంతులు ఎలా? (నిర్ణయం)
3:45–3:55 హేచరీ పిల్లని పిసిఆర్ టెస్టుకి ఎవరు తీసుకెళ్తారు, ఖర్చు ఎలా పంచుకుందాం? (నిర్ణయం)
3:55–4:00 అనుకున్నవన్నీ చదివి వినిపించడం

చూశావా, ప్రతి అంశం ప్రశ్నలాగే ఉంది. ‘నీటి యాజమాన్యం’ అని రాస్తే ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడతారు. ప్రశ్న వేస్తే జవాబు కోసం చూస్తారు. బరువైన అంశం ముందు పెట్టాను, ఎక్కువ సమయమూ దానికే ఇచ్చాను. చివర పెడితే అప్పటికి సగం మంది లేచిపోతారు. ఇంకా రొయ్య ఉన్న గుంటల వాళ్లకి సాయంత్రం మేత వేళవుతుంది, నాలుగు దాటితే కూర్చోరు. కరెంటు సబ్సిడీ కాగితాలలాంటి కబుర్లు మెయిల్ చివర రెండు వరుసల్లో చెప్పేయ్, వాటికి మీటింగ్‌లో చోటివ్వకు.

పాతిక నిమిషాల్లో తేలకపోతే? ఇది చాలామంది రాయరు. గడువు మాత్రం రాసి, దాటితే ఏమవుతుందో చెప్పకపోతే ఆ గడువుని ఎవరూ లెక్కచేయరు. ‘3:25కి తేలకపోతే కాలువ పై భాగం నుంచి ఒకరు, కింద భాగం నుంచి ఇద్దరు కూర్చుని శనివారంలోపు చెప్తారు’ అని మెయిల్‌లోనే ఉండాలి. టైము చూసే బాధ్యత ప్రెసిడెంటు గారికి కాకుండా వేరే ఒకరికి అప్పగించు, ఆ మనిషి పేరూ రాయి. మాట్లాడించే ఆయనే గడియారం చూసుకోవడం కష్టం.

ఇక ఎవరేం తెచ్చుకోవాలన్నది. ‘వివరాలతో రండి’ అంటే ఎవరూ తేరు. రైతుల్ని మూడే అడుగు: మీ గుంట ఏ తేదీకి సిద్ధమవుతుంది, నీటి ఉప్పు శాతం ఎంత, పోయిన పంటలో జబ్బు ఏమైనా వచ్చిందా. ఐదు నిమిషాల పని, ఫోన్‌లోనే జవాబిస్తారు. ల్యాబ్ అబ్బాయికి మాత్రం విడిగా రాయి, అతను రిపోర్టులు వెతికి తేవాలి కాబట్టి ఒకటి రెండు రోజులు ముందే. జబ్బు సంగతి అందరిముందు చెప్పడానికి కొందరు ఇష్టపడరు. ఆ జవాబు నీ ఒక్కదానికే పంపమని స్పష్టంగా చెప్పు, లేకపోతే పొరపాటున అందరికీ వెళ్లిపోతుంది.

మెయిల్ శనివారం పంపితే మంగళవారానికి జవాబులు, బుధవారం వాటిని ఒక పట్టికగా వేసి మళ్లీ పంపడానికి వీలుంటుంది. ఆ పట్టిక చూసుకుని వచ్చినవాళ్లు గురువారం నేరుగా తేదీల మీదే మాట్లాడతారు. కొత్త అంశం ఎవరైనా చేర్చమంటే మంగళవారంలోపే. అజెండాని అటాచ్‌మెంట్‌గా పెట్టకు, మెయిల్‌లోనే రాయి. గుంట గట్టు మీద ఎండలో చిన్న ఫోన్‌లో పీడీఎఫ్ ఎవరు తెరుస్తారు? పంపాక వాట్సాప్ గ్రూపులో ‘మెయిల్ చూడండి’ అని ఒక ముక్క పెట్టు.

మీటింగ్ మొదలయ్యాక ‘ఇవాళ ఎందుకు పిలిచారమ్మా?’ అని ఎవరైనా అడిగితే ఆ మెయిల్ వాళ్లు చదవలేదన్నమాట. మంగళవారం సాయంత్రానికి జవాబు రానివాళ్ల జాబితా తీసి నువ్వే ఫోన్ చెయ్. ఫోన్‌లోనే ఆ మూడు వివరాలూ అడిగి పట్టికలో ఎక్కించెయ్, మెయిల్ ఎందుకు చూడలేదని మాత్రం నిలదీయకు.

ఇట్లు,
మామయ్య