గ్యాస్ మంటలో మసి ఎలా పుడుతుంది, దానికి అంటుకుని ఏముంటుంది

ప్రశ్న: నెల రోజులుగా మా గ్యాస్ స్టవ్ మంట పసుపుగా వస్తోంది, గిన్నెల అడుగులు నల్లబడుతున్నాయి. గ్యాస్‌కి రంగే లేదు కదా, ఈ నలుపు ఎక్కడిది? మా అత్తగారేమో "బొగ్గే కదమ్మా, తోమితే పోతుంది" అంటారు. నిజంగా భయపడాలా?

చదువుకునే రోజుల్లో రెండేళ్ల పాటు మంటల్లోంచి మసి తీసి కొలిచే ల్యాబ్‌లో పని చేశాను. ఆ తర్వాత సరిగ్గా మీకొచ్చిన ఇబ్బందే మా అమ్మ వంటింట్లో వచ్చింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన సిలిండర్‌లో ఉండేది ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్. ఒక లీటరు ప్రొపేన్ పూర్తిగా మండాలంటే 5 లీటర్ల ఆక్సిజన్ కావాలి. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతే కాబట్టి అది సుమారు 24 లీటర్ల గాలి అవుతుంది. బ్యూటేన్‌కైతే 31 లీటర్లు. నాజిల్ సన్న రంధ్రం నుంచి గ్యాస్ దూసుకొస్తూ పక్కనున్న సందులోంచి కొంత గాలిని తనతో లాక్కుపోతుంది. ఆ రెండూ గొట్టంలో కలిసి బర్నర్ చిల్లుల్లోంచి బయటికొస్తాయి. మిగతా గాలి మంట చుట్టుపక్కల నుంచి అందుతుంది. ముందే కలవాల్సిన ఆ గాలి తగ్గిందంటే మంట నడిబొడ్డున ఇంధనం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ అయిపోతుంది. నీలం పోయి పసుపు వచ్చేది అప్పుడే.

మసి అంటే మండకుండా మిగిలిపోయిన కార్బన్ అని చాలామంది అనుకుంటారు, ల్యాబ్‌లో చేరకముందు నేనూ అలాగే అనుకున్నాను. కానీ మీ సిలిండర్‌లో మసి రేణువు ఒక్కటీ లేదు. ఉన్నది మూడు నాలుగు కార్బన్ పరమాణువులున్న చిన్న చిన్న ముక్కలే. మసిని మంట తనే కడుతుంది.

ఆక్సిజన్ అందని చోట, వెయ్యి డిగ్రీలు దాటిన వేడికి ప్రొపేన్ విరిగిపోతుంది. ఆ ముక్కల్లో ఎక్కువగా కనిపించేది ఎసిటిలీన్, అంటే వెల్డింగ్ షాపులో వాడే గ్యాసే. దాంతోపాటు మూడేసి కార్బన్లున్న ముక్కలూ ఉంటాయి. అలాంటివి రెండు ఢీకొని కలిస్తే ఆరు కార్బన్ల ఉంగరం తయారవుతుంది. అదే బెంజీన్. మసికి పునాది రాయి అదే. ఆ తర్వాత ఒకే పని మళ్లీ మళ్లీ జరుగుతుంది. మంటలో తిరుగుతున్న హైడ్రోజన్ పరమాణువు ఒకటి వచ్చి ఉంగరం అంచున ఉన్న హైడ్రోజన్‌ను లాగేసుకుంటుంది. ఖాళీ అయిన ఆ చోట ఎసిటిలీన్ వచ్చి కూర్చుంటుంది. ఇంకో హైడ్రోజన్ పోతుంది, ఇంకో ఎసిటిలీన్ చేరుతుంది, పక్కనే రెండో ఉంగరం మూసుకుంటుంది. రెండు ఉంగరాలైతే నాఫ్తలీన్, మనం బీరువాలో వేసుకునే కలరా ఉండల్లో ఉండేది. మూడో ఉంగరం, నాలుగోది, ఐదోది... తేనెపట్టు గదుల్లా పక్కపక్కనే అల్లుకుంటూ పోతాయి. ఇలాంటి ఉంగరాల పలకలనే పాలీసైక్లిక్ అరోమాటిక్ హైడ్రోకార్బన్లు అంటారు. ఇక్కడ పీఏహెచ్‌లు అని రాస్తాను.

పలకలు తగినంత పెద్దవయ్యాక ఒకదాన్నొకటి పట్టుకుని రెండు మూడు నానోమీటర్ల రేణువులవుతాయి. సరిగ్గా ఏ మెట్టు దగ్గర వాయువు కాస్తా రేణువుగా మారుతుందన్న దానిపై పరిశోధకుల మధ్య ఇంకా వాదనలున్నాయి. ఆ రేణువులు ఒకదాంతో ఒకటి కలుస్తూ, పైన ఎసిటిలీన్ పేరుకుంటూ 20 నుంచి 40 నానోమీటర్ల గుండ్లవుతాయి. ఆ గుండ్లు పూసల దండల్లా అతుక్కుంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ద్రాక్ష గుత్తిని సాగదీసినట్టుంటుంది. ఇదంతా కొన్ని మిల్లీసెకన్లలో, మహా అయితే కొన్ని పదుల మిల్లీసెకన్లలో అయిపోతుంది.

ల్యాబ్‌లో నన్ను బాగా ఆలోచనలో పడేసిన విషయం ఇంకొకటుంది. కాగితం మీద లెక్క వేస్తే, ప్రతి కార్బన్‌కు ఒక్క ఆక్సిజన్ పరమాణువు దొరికితే చాలు. కార్బన్ అంతా కార్బన్ మోనాక్సైడ్‌గా మారిపోవాలి, మసి పుట్టకూడదు. కానీ ముందే గాలి కలిపిన మంటల్లో గాలి తగ్గిస్తూ పోతే, ఇంకా ఒక్కో కార్బన్‌కు దాదాపు రెండు ఆక్సిజన్ పరమాణువులు ఉండగానే పసుపు కనిపించేస్తుంది. ఆక్సిజన్‌లో కొంత హైడ్రోజన్‌తో కలిసి నీరైపోతుంది. మిగిలినది కార్బన్‌ను అందుకునేలోపే ఉంగరాలు అల్లుకుపోతాయి. ఆ వేడిలో ఈ ఉంగరాలు మిగతా ముక్కలంత సులువుగా విరగవు కూడా. అంటే ఇక్కడ జరిగేది పందెం, అందులో ఉంగరాలే ముందుంటాయి.

మీ మంటలోని పసుపు కూడా మసే. ఆ వేడికి ఎర్రగా కాలిన ఇనుములా రేణువులు వెలుగుతుంటాయి. మంట కొస దాకా వేడి నిలిచి, అక్కడ గాలి అందితే ఆ మసి చాలావరకు కాలిపోతుంది. దీపం పసుపుగా వెలుగుతున్నా పొగ రాకపోవడానికి కారణం ఇదే. కానీ అదే పసుపు మంటలోకి చల్లటి గిన్నె దిగితే రేణువులు కాలే వేడి ఒక్కసారిగా పోతుంది, మసి మసిగానే గిన్నెకు అంటుకుంటుంది. మా అమ్మమ్మ ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లించి కాటుక పట్టేది చూశారా, సరిగ్గా అదే పని. మీ స్టవ్ రోజూ గిన్నెల కింద కాటుక పడుతోంది.

ఇప్పుడు అత్తగారి మాట. "బొగ్గే కదా" అన్నది సగమే నిజం. ఉంగరాలు కట్టే పని అన్ని పలకలకూ పూర్తవదు. మధ్య మెట్ల మీదే ఆగిపోయినవి పొగతో పాటు బయటికొస్తాయి. పొగ చల్లబడుతుంటే రెండు మూడు ఉంగరాలవి చాలావరకు ఆవిరిగానే ఉండిపోతాయి, ఐదు ఉంగరాలు, ఆపైన ఉన్నవి దాదాపు అన్నీ మసి గుండ్ల మీద అతుక్కుంటాయి. దీన్ని నేను కళ్లారా చూశాను. ఫిల్టర్ మీద పట్టిన మసిని డైక్లోరోమీథేన్ అనే ద్రావకంలో నానబెట్టేవాళ్లం. ఫిల్టర్ నల్లగానే ఉండేది, ద్రావకం మాత్రం లేత పసుపుకు తిరిగేది. గదిలో దీపాలార్పి అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే ఆ సీసా నీలంగా వెలిగేది. ఆ వెలుగు పీఏహెచ్‌లది. మసికి హానిచేసే గుణం ఎక్కువగా ఆ సీసాలోకి దిగినదాని వల్లే.

ఆ వెలుగుకు పెద్ద చరిత్రే ఉంది. 1775లో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్, చిమ్నీలు ఊడ్చే కుర్రాళ్లకు పెద్దయ్యాక వృషణాల తిత్తి మీద క్యాన్సర్ రావడానికి చర్మపు ముడతల్లో చేరిన మసే కారణమని రాశాడు. 1915లో జపాన్‌లో యామగివా, ఇచికావా కుందేళ్ల చెవులకు నెలల తరబడి బొగ్గు తారు పూసి క్యాన్సర్ పుట్టించి చూపించారు. తారులో ఏ పదార్థం ఆ పని చేస్తోందో లండన్‌లోనే 1933లో తేలింది. తారులోని ప్రత్యేకమైన వెలుగు ఆనవాలును పట్టుకుని వెతుకుతూ వెళ్తే బెంజో-ఎ-పైరీన్ దొరికింది. ఐదు ఉంగరాలు, C20H12.

ఇది ఒంట్లో చేసే పని నాకు ఎప్పుడు తలుచుకున్నా బాధగా ఉంటుంది, ఎందుకంటే నష్టం మన శరీరపు జాగ్రత్త వల్లే జరుగుతుంది. బెంజో-ఎ-పైరీన్ నూనె లాంటిది, నీళ్లలో కరగదు. కరగనిదాన్ని బయటికి పంపలేం కాబట్టి కణంలోని ఎంజైములు దానికి ఆక్సిజన్ తగిలించి నీళ్లలో కరిగేలా మార్చబోతాయి. చాలావరకు ఆ పని సవ్యంగానే జరుగుతుంది. కానీ కొన్ని అణువుల్లో ఆక్సిజన్, చివరి ఉంగరం మీద గుంటలా ఉండే ఒక మూల దగ్గర చేరి, దేన్నైనా పట్టుకునే కొక్కెంలా మారుతుంది. ఆ కొక్కెం డీఎన్ఏలోని గ్వానీన్, అంటే జి అనే అక్షరానికి తగులుకుంటుంది. కణం విడిపోయేటప్పుడు నకలు తీసే యంత్రాంగం ఆ ఉబ్బు దగ్గర తడబడి జి ఉండాల్సిన చోట టి అనే వేరే అక్షరం రాస్తుంది. కణం అదుపు తప్పకుండా చూసే టీపీ53 అనే జన్యువులో ఈ కొక్కేలు తగులుకునే చోట్లూ, పొగతాగేవారి ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎక్కువగా చెడిపోయి కనిపించే చోట్లూ ఒకటేనని 1996లో చూపించారు.

పీఏహెచ్‌లన్నీ ఒకటి కావు. బెంజో-ఇ-పైరీన్‌కు కూడా అవే 20 కార్బన్లు, అవే 12 హైడ్రోజన్లు. ఐదో ఉంగరం అతుక్కున్న చోటు మాత్రమే వేరు, దాని ప్రభావం చాలా బలహీనం. ఇక కొక్కెం తగిలిన ప్రతిసారీ క్యాన్సర్ రాదు, కణం చాలా మటుకు కోసి బాగుచేసుకుంటుంది. ఎంత మోతాదు, ఎన్నేళ్లు అన్నదే ముఖ్యం. అయినా ఎంత తక్కువకే జాగ్రత్త పడాలో చూడండి. మన దేశపు 2009 గాలి ప్రమాణాల్లో సన్నటి ధూళికి, అంటే పీఎం2.5కు, ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. బెంజో-ఎ-పైరీన్‌కు 1 నానోగ్రామే, అంటే అందులో 40 వేలవ వంతు. చైనాలోని షువాన్‌వెయ్‌లో పొగగొట్టం లేని పొయ్యిల్లో పొగ ఎక్కువగా వచ్చే రకం బొగ్గు కాల్చిన ఇళ్లలో, పొగతాగని ఆడవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ విపరీతంగా వచ్చింది. పొయ్యిలకు పొగగొట్టాలు పెట్టాక అది తగ్గింది.

మీ స్టవ్ ఆ స్థాయికి దరిదాపుల్లో లేదు, నెల రోజుల మసికి భయపడకండి. కానీ అలాగే వదిలేయొద్దు. ఎందుకంటే పసుపు మంటతో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా పెరుగుతుంది, దానికి వాసన ఉండదు. బాగయ్యేదాకా వంట చేసేటప్పుడు కిటికీ తీసే ఉంచండి. నల్లబడ్డ గిన్నెలను పొడిగా గీకితే మసి గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడిపి సబ్బుతో తోమండి.

ముందు అసలు మసేనా అని చూసుకోండి. సాంబారు పొంగి ఉప్పు బర్నర్ మీద పడినా మంట నారింజ రంగులో మెరుస్తుంది, దానివల్ల నలుపు రాదు. పొడవాటి స్టీలు గరిటె వెనక భాగాన్ని మంట కొసలో ఐదారు సెకన్లు పెట్టి తీయండి. నల్లటి పొర అంటితే మసే. మా అమ్మ స్టవ్ దగ్గర గరిటె రెండు సెకన్లకే నల్లబడింది. అంతకుముందే ఒకతను రిపేరుకొచ్చి నాజిల్ రంధ్రంలో తీగ పెట్టి పొడిచి వెళ్లాడు. రంధ్రం పెద్దదై గ్యాస్ ఇంకా ఎక్కువొచ్చింది, మసి రెట్టింపైంది. అసలు లోపం నాజిల్‌లో లేనే లేదు. గాలి కలిసే గొట్టంలో సాలీడు గూడు కట్టింది. గొట్టం విప్పి బ్రష్షుతో దులిపి, కొత్త నాజిల్ వేయిస్తే మంట నీలంగా నిలిచింది. మీ స్టవ్ విప్పడానికి వచ్చేవారిని ముందు ఆ గొట్టం, గాలి సందు, బర్నర్ చిల్లులు చూడమనండి, నాజిల్‌లో తీగ మాత్రం పెట్టనివ్వకండి. పనయ్యాక అతను ఉండగానే మళ్లీ గరిటె పెట్టి చూడండి.