40 సెకన్లలో మీ గురించి చెప్పాలంటే

ప్రశ్న: సార్, నేను బీటెక్ ఈసీఈ ఫైనల్ ఇయర్. ఎంబెడెడ్ కంపెనీ ఇంటర్వ్యూ ఉంది. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’కి 40 సెకన్లలో జవాబు చెప్పమంటున్నారు. నేను ఊరు, నాన్నగారి పేరు, టెన్త్ మార్కులు, హాబీలు చెప్పేసరికి రెండు నిమిషాలు దాటుతోంది. మట్టిలో తేమను బట్టి మోటార్ దానంతటదే ఆన్ అయ్యే ప్రాజెక్టు నలుగురం కలిసి చేశాం. ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?

జవాబు: మీరు చెప్పిన వాటిలో ఉంచాల్సింది ప్రాజెక్టు ఒక్కటే. మార్కులు రెజ్యూమెలో ఉంటాయి, ఆ కాగితం వాళ్ల చేతిలోనే ఉంటుంది. కంగారు లేకుండా ఇంగ్లిష్ మాట్లాడితే 40 సెకన్లలో దాదాపు 80 మాటలే పడతాయి. పేరు, బ్రాంచి, కాలేజీ ఒక్క వాక్యంలో ముగించి నేరుగా ప్రాజెక్టులోకి వెళ్లండి. సగానికి పైగా టైమ్ దానికే ఇవ్వండి.

అయితే ‘వి డిడ్’ అంటూ నలుగురి పనీ కలిపి చెబితే మీరేం చేశారో వాళ్లకు తెలియదు. ఉదాహరణకు సెన్సర్ భాగం మీరు చూసుకున్నారనుకుందాం. అప్పుడు మీ మాటలు ఇలా సాగాలి: “పొలంలో తేమ తగ్గితే మోటార్ ఆన్ అయ్యే ప్రాజెక్టు చేశాం. అందులో సెన్సర్ పని నాది. మొదట వాడిన సెన్సర్ పుల్లలు తుప్పు పట్టి, మట్టి తడిగా ఉన్నా పొడిగా ఉన్నట్టు చూపించేవి. కారణం కనుక్కుని కెపాసిటివ్ సెన్సర్ పెట్టాను. ఇలాంటి హార్డ్‌వేర్ సమస్యల మీద పని చేయాలని మీ ఉద్యోగానికి అప్లై చేశాను.” ఇది కేవలం నమూనా. మీ ప్రాజెక్టులో నిజంగా ఎదురైన ఇబ్బందినే చెప్పండి, లేనిది కల్పిస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

దీన్ని ఇంగ్లిష్‌లో రాసుకోండి కానీ బట్టీ పట్టకండి. ఒక్క మాట మరిచిపోతే మిగతాదంతా ఆగిపోతుంది. ‘సెన్సర్, తుప్పు, మార్చాను’ అని మూడు గుర్తులు పెట్టుకుని, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. 40 సెకన్లు దాటితే వేగం పెంచకండి, ఒక వాక్యం తీసేయండి.

చివర్లో ‘దట్స్ ఆల్ అబౌట్ మీ’ కూడా అక్కర్లేదు, ఆపేయండి. మామూలుగా తర్వాతి ప్రశ్న మీరు చెప్పిన విషయం మీదే వస్తుంది. “ఎందుకు తుప్పు పట్టింది?” అని అడుగుతారు. తడి మట్టిలో ఉన్న లోహపు పుల్లల గుండా ఎప్పుడూ కరెంటు పారుతుంటే విద్యుద్విశ్లేషణ జరిగి లోహం కరిగిపోతుందని, కెపాసిటివ్ రకంలో లోహం మట్టికి తగలదని చెప్పగలగాలి. ఇంటర్వ్యూకి ముందు రోజు హాబీల మీద పెట్టే టైమ్ దీని మీద పెట్టండి.