సరుకు మంచిర్యాలలో దిగింది, పన్ను మాత్రం మహారాష్ట్ర లెక్క

ప్రశ్న: హనుమకొండలో స్టీల్ బీరువాలు తయారు చేస్తాం. బల్లార్షా డీలర్ ఒకాయన 10 బీరువాలు కొని, నేరుగా మంచిర్యాలలోని తన కస్టమర్ దగ్గర దింపమన్నాడు. సరుకు తెలంగాణ దాటలేదు కదా అని సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసి రిటర్న్ కూడా కట్టేశాను. ఇప్పుడు తనకు క్రెడిట్ రావడం లేదని పన్ను డబ్బులు ఆపేశాడు. ఏం చేయాలి?

జవాబు: డీలర్ చెప్పింది నిజమేనండి, ఈ బిల్లుకు ఐజీఎస్టీ వేయాలి. మీరు పంపిన ఫొటోలో ‘ప్లేస్ ఆఫ్ సప్లై: తెలంగాణ (36)’ అని ఉంది. దాని పక్కనే డీలర్ జీఎస్టీ నంబర్ 27తో మొదలవుతోంది. 27 అంటే మహారాష్ట్ర. చిక్కంతా అక్కడే ఉంది.

మామూలుగా సరుకు ఎక్కడికి చేరితే అదే ప్లేస్ ఆఫ్ సప్లై. మీరు ఆ సూత్రమే పట్టుకున్నారు. కానీ కొన్నవాడు ఒకరై, అతని మాట మీద సరుకు ఇంకొకరి దగ్గర దింపితే, ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 10(1)(బి) వర్తిస్తుంది. సరుకు కొన్నవాడికే అందినట్టు లెక్క. అతని ప్రధాన వ్యాపార స్థలమే ప్లేస్ ఆఫ్ సప్లై అవుతుంది. లారీ ఏ ఊళ్లో ఆగిందన్నది ఇక్కడ పట్టించుకోరు. మీరు తెలంగాణలో, ఆయన మహారాష్ట్రలో ఉన్నారు కాబట్టి ఇది అంతర్రాష్ట్ర అమ్మకం.

మీ బిల్లు ఇలా ఉండాల్సింది:

బిల్ టు: బల్లార్షా డీలర్ (27)
షిప్ టు: మంచిర్యాల కస్టమర్ (36)
ప్లేస్ ఆఫ్ సప్లై: మహారాష్ట్ర (27)
10 బీరువాలు × రూ.12,000 = రూ.1,20,000
ఐజీఎస్టీ 18% = రూ.21,600
మొత్తం రూ.1,41,600

మీరు వేసింది సీజీఎస్టీ రూ.10,800, ఎస్‌జీఎస్టీ రూ.10,800. మొత్తం ఒక్కటే, ఖాతాలే వేరు. కానీ తెలంగాణ ఎస్‌జీఎస్టీని మహారాష్ట్ర వ్యాపారి వాడుకోలేడు. ఆయనకు వచ్చే క్రెడిట్‌ను చూపించే GSTR-2Bలో మీ బిల్లు ‘క్రెడిట్ లేదు’ అన్న భాగంలో పడి ఉంటుంది. అమ్మినవారి రాష్ట్రం, ప్లేస్ ఆఫ్ సప్లై ఒకటై, కొన్నవారి రాష్ట్రం వేరైతే అలా పడుతుంది.

ఇప్పుడు అదే సరుకుకు డీలర్ వేసే బిల్లు చూడండి. ఆయన మహారాష్ట్రలో ఉన్నాడు, సరుకు అందింది మంచిర్యాలలో. కాబట్టి ప్లేస్ ఆఫ్ సప్లై తెలంగాణ, ఆయనదీ ఐజీఎస్టీయే. బీరువా రూ.13,500 చొప్పున అమ్మాడనుకుంటే విలువ రూ.1,35,000, పన్ను రూ.24,300. మీ బిల్లు సరిగ్గా ఉంటే అందులో రూ.21,600 క్రెడిట్ పోను రూ.2,700 కడితే సరిపోయేది. క్రెడిట్ లేకపోతే మొత్తం రూ.24,300 చేతి నుంచి పెట్టాలి. ఆయన డబ్బు ఆపడానికి కారణం ఇదే.

సరిదిద్దడానికి దారి ఉంది, టెన్షన్ పడకండి. వచ్చే అమ్మకాల రిటర్న్ GSTR-1లో ఆ బిల్లును సవరించి, ప్లేస్ ఆఫ్ సప్లైని మహారాష్ట్రగా మార్చి, రూ.21,600 ఐజీఎస్టీగా కట్టండి. రేకుల కొనుగోళ్ల మీద మీకు క్రెడిట్ మిగిలి ఉంటే దాన్ని ఇందుకు వాడుకోవచ్చు, నగదే కట్టాలని లేదు. పొరపాటున కట్టిన రెండు 10,800ల కోసం సీజీఎస్టీ చట్టం సెక్షన్ 77 కింద RFD-01 ఫారంలో రీఫండ్ అడగండి. ఐజీఎస్టీ కట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. అంతర్రాష్ట్ర అమ్మకాన్ని పొరపాటున స్థానికమనుకుని పన్ను కట్టినవారు ఇప్పుడు కట్టే ఐజీఎస్టీ మీద వడ్డీ కట్టనక్కర్లేదు. అయితే రీఫండ్ వెంటనే చేతికి రాదు కాబట్టి, తిరిగొచ్చే ఆ రూ.21,600ను నమ్ముకుని ఈ నెల ఖర్చులు పెట్టుకోకండి.

ఒక్క జాగ్రత్త. క్రెడిట్ నోట్ ఇచ్చి పాత పన్నును సర్దుబాటు చేసుకుంటే మళ్లీ రీఫండ్ రాదు. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. సవరణకు గడువు ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30, లేదా వార్షిక రిటర్న్ వేసిన రోజు, ఏది ముందైతే అది. డీలర్ క్రెడిట్ తీసుకోవడానికీ దాదాపు అదే గడువు కాబట్టి, సవరణ చేసిన రోజే ఆయనకు ఫోన్ చేసి చెప్పండి. అప్పుడు ఆపిన డబ్బు అడగడానికి మీకు నోరుంటుంది.

మీ షాపులో ఇంకో రకం బిల్లు కూడా వస్తుంది కాబట్టి అదీ చెబుతాను. గోదావరి అవతల సిరొంచ నుంచి, జీఎస్టీ నంబర్ లేని మనిషి వచ్చి రూ.15,000 బీరువా కొన్నాడనుకోండి. 2023 అక్టోబర్ 1 నుంచి ఇలాంటివారి విషయంలో బిల్లు మీద రాసిన చిరునామాయే ప్లేస్ ఆఫ్ సప్లై. ‘సిరొంచ, మహారాష్ట్ర’ అని రాస్తే ఐజీఎస్టీ రూ.2,700. చిరునామా ఏమీ రాయకపోతే మీ షాపు ఉన్న చోటే లెక్క, అంటే సీజీఎస్టీ రూ.1,350, ఎస్‌జీఎస్టీ రూ.1,350. రాష్ట్రం పేరు ఒక్కటి రాసినా చిరునామా రాసినట్టే లెక్క. బిల్లు రాసే కుర్రాడిని కొన్నవారి రాష్ట్రం అడిగాకే పన్ను వేయమనండి.