లాభాన్ని తేల్చాలా, నిర్ధారించాలా?

అయ్యా, మా అబ్బాయి పాతపట్నంలో ఇంటర్ కామర్స్ చదువుతున్నాడు. ఒంటిపద్దు లెక్కల్లో 'లాభం ఎంత తేలింది?' అని అడిగితే, అది మోటు మాట, 'లాభ నిర్ధారణ' అనాలి అని నవ్వుతున్నాడు. తేల్చడం తప్పా? అలాగే 'వ్యవహారాల నివేదిక'ను ఆస్తి అప్పుల పట్టీ అంటే సరిపోదా? – ఒక కొట్టు యజమాని, పర్లాకిమిడి

మీ ఊరి పేరు చూసి నాకు ముందు కోపమే వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. వాడుక భాష కోసం అక్కడినుంచే పోరాడి, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరే విడిచి వెళ్లారు. అలాంటి ఊళ్లో 'తేల్చడం' మోటైపోయిందంటే ఏమనాలి? అబ్బాయిని మాత్రం ఏమీ అనకండి, పాపం పుస్తకం చెప్పిందే చెప్పాడు.

తేలు అంటే నీటి మీదికి రావడం. తేలేదానికి బరువుండదు గనక 'తేలిక' అందులోంచే వచ్చింది. దీనికి పక్కింటి మాట ఒకటుంది, పూర్వం శకటరేఫతో రాసిన 'తేఱు'. కలక దిగి నీరు తేటపడటమే తేరడం. మా అమ్మ చిల్లగింజను రాతి మీద అరగదీసి బురదనీళ్ల బిందెలో కలిపేది. కాసేపటికి మడ్డి అడుక్కి దిగి పైన తేట నిలిచేది. 'నీళ్లు తేరాయి, ముంచుకోండి' అనేది. జ్వరంనుంచి తేరుకోవడం, తేట, తేటతెల్లం అన్నీ ఆ వైపువే. తేలు, తేఱు ఒక తల్లి బిడ్డలేనని ఢంకా బజాయించి చెప్పను. కానీ లెక్కల దగ్గరికొచ్చేసరికి తెలుగువాడి నోట రెండూ కలిసిపోయాయని నా నమ్మకం. 'లెక్క తేలింది' అన్నప్పుడు పైకి రావడమూ ఉంది, కలక విడటమూ ఉంది.

ఒంటిపద్దులో లాభం దొరికే తీరు సరిగ్గా ఇదే. మా బావమరిదికి ఇక్కడ బరంపురంలో జీడిపప్పు కొట్టుంది. సరుకు పలాసనుంచి తెస్తాడు. ఎర్రగుడ్డ అట్ట ఖాతాపుస్తకంలో ఎవరు ఎంత బాకీ అన్నది రాస్తాడు, నగదు పుస్తకం ఉంది, అంతే. అమ్మకాల ఖాతా లేదు, అద్దె ఖాతా లేదు. దీన్ని ఒంటిపద్దు అనడమూ పూర్తి నిజం కాదు. బాకీదారు డబ్బు కడితే నగదులోనూ ఎక్కుతుంది, అతని పేరు కిందా ఎక్కుతుంది, అది జంటపద్దే. నగదిచ్చి సరుకు కొంటే ఒక్కచోటే పడుతుంది. కుర్చీలు అరిగితే ఎక్కడా పడదు. అసంపూర్తి రికార్డులు అన్న పేరే నిజాయితీగా ఉంది.

మార్చి 31 రాత్రి ఇద్దరం కూచున్నాం. గుండు, బద్ద, ముక్క విడివిడిగా డబ్బాలు లెక్కపెట్టి కొన్న ధరకే విలువ కట్టాం. అమ్మకం ధర వేస్తే ఇంకా చేతికి రాని లాభాన్ని ఇప్పుడే తినేసినట్టు. సరుకు 1,75,000, నగదు 22,000, రావలసిన బాకీలు 70,000, బల్లలు కాటా 40,000 అయ్యాయి. మొత్తం 3,07,000. పలాస వాళ్లకు ఇవ్వాల్సింది 58,000. పోగా 2,49,000. ఏడాది మొదట్లో ఇలాగే వేసిన పట్టీ ప్రకారం మూలధనం 1,80,000.

'బావా, అరవై తొమ్మిది వేలు లాభం!' అన్నాడు.

'ఆగరా, ఇంకా కలకగానే ఉంది' అన్నాను.

బాకీదార్లలో ఒకడు ఊరే వదిలి పోయాడు, ఆ 5,000 రావు. బల్లలకు నూటికి పది చొప్పున తరుగు 4,000. ముగింపు మూలధనం 2,40,000కి దిగింది, తేడా అరవై వేలే. మావాడి మొహం పడిపోయింది. కానీ నెలకు ఆరువేల చొప్పున ఇంటికి తీసుకున్న 72,000 ఈ తేడాలో కనబడదు, కొట్టు సంపాదించాకే కదా అది ఇల్లు చేరింది! కూతురి పెళ్లికి వాడిన పప్పు కొన్న ధరకు 8,000. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, మా చెల్లెలు గుర్తుచేసింది. ఈ సొంతవాడకాలు 80,000 కలిపితే 1,40,000. మళ్లీ మొహం వెలిగింది. అప్పుడడిగాను, దసరాకు ముందు స్థలం అమ్మి కొట్లో పెట్టిన 50,000 మాటేమిటని. అది వాడి సొమ్మే, కొట్టు సంపాదన కాదు. తీసేస్తే నిలిచింది 90,000.

చూశారా, 69 వేలు, 60 వేలు, లక్షా నలభై వేలు, చివరికి 90 వేలు. మునిగీ తేలీ నిలిచిన సంఖ్యను తేలింది అనక ఏమంటారు? నిర్ధారణ అనేసరికి ఆసుపత్రి వాసన వస్తుంది నాకు. పైగా ఆ మాటలో ఉన్న గట్టిదనం ఈ లాభానికి లేదు. మొదటి పట్టీలో సరుకు పదివేలు తక్కువ రాసుంటే లాభం లక్ష అయ్యేది, అయినా కూడికలో ఎక్కడా తప్పు కనబడేది కాదు. పెళ్లి పప్పు మరిచిపోయి ఉన్నా అంతే.

ఈ లాభం ఎలా వచ్చిందని అడిగితే ఆ పట్టీ నోరు విప్పదు. అమ్మకాలెన్ని, ఖర్చులెన్ని? ముగింపు లెక్కలుగా మార్చాలంటే దొరకని ప్రతిదాన్నీ దాని ఖాతా వేసి లాగాలి. బాకీదార్ల మొత్తం ఖాతాలో మొదటి నిలవ 52,000. ఏడాదిలో వాళ్లు కట్టింది 3,10,000, రానిబాకీ 5,000, చివరికి మిగిలింది 65,000. ఈ మూడూ కలిపి మొదటి నిలవ తీసేస్తే అరువు అమ్మకాలు 3,28,000. ఇచ్చేవాళ్ల ఖాతాలోంచి అరువు కొనుగోళ్లు కూడా అలాగే వస్తాయి. నగదువి నగదు పుస్తకంలో ఉంటాయి. అప్పుడు వర్తకపు ఖాతా, లాభనష్టాల ఖాతా వేయొచ్చు. అందులోనూ 90 వేలే వస్తే సరే. రాకపోతే ఇంట్లోవాళ్లను మళ్లీ అడగాలి.

రెండో ప్రశ్నకు అంత చోటు అక్కర్లేదు. చూడటానికి రెండూ ఒకటే, ఎడమ అప్పులు, కుడి ఆస్తులు. ఆస్తి అప్పుల పట్టీలో మూలధనం ఖాతాలన్నీ ఉండే ఆవర్జా నుంచి వస్తుంది. వ్యవహారాల నివేదికలో డబ్బాలు లెక్కపెట్టి, జ్ఞాపకాలు తవ్వి, మిగిలిన తేడాకే మూలధనమని పేరు పెడతాం. అందుకని వేరే పేరుండటం న్యాయమే. ఉన్న పేరు మాత్రం నాకు నచ్చదు. 'వ్యవహారం' అంటే ఇవాళ టీవీలో బయటపడేది, పోలీసులు తేల్చేది. 'స్థితి పట్టీ' అంటే బాగుండేదేమో. అయితే పుస్తకాల్లో స్థిరపడిన మాటను నేనొక్కణ్ణీ కదపలేను. పరీక్షలో అబ్బాయిని వ్యవహారాల నివేదిక, లాభ నిర్ధారణ అనే రాయమనండి, మార్కులు ముఖ్యం. కొట్లో మీరు తేల్చుకోండి.

కళ్లు తేలేయడం, మాట తేలిపోవడం ఇదే క్రియ. కుట్టే తేలు వేరు, దానికీ దీనికీ చుట్టరికం అడగకండి.