నెల వీడియోలు ఒక్క ఆదివారంలో

"సార్, మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయి బీటెక్ రెండో సంవత్సరం. ఇంటర్ ఫిజిక్స్ లెక్కలు తెలుగులో చెప్తూ యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాడు. వారానికి రెండు వీడియోలు. రాత్రి రెండింటి దాకా ఎడిటింగే. రెండు సబ్జెక్టులు పోయాయి. మావారు రాత్రిపూట వైఫై కట్టేస్తున్నారు. ఛానల్ మాన్పించాలా? ఉద్యోగంతో పోలిస్తే ఇందులో సంపాదన ఉంటుందా?"

అమ్మా, సంపాదన సంగతి ముందే తేల్చేస్తాను. 1000 మంది సబ్‌స్క్రైబర్లు, పన్నెండు నెలల్లో జనం చూసిన 4000 గంటలు ఉంటేగానీ మామూలు వీడియోలే పెట్టే ఛానల్‌కి యాడ్స్ డబ్బులో వాటా రాదు. వచ్చాక కూడా పరీక్షల ముందు చూసే పిల్లలు వేసవిలో చూడరు, కాబట్టి అది జీతంలా నెలనెలా పడదు. డిగ్రీ వదిలి దీన్ని నమ్ముకోమని నేను ఎవరికీ చెప్పను. ఈమధ్య ప్రతి ఇంట్లో వినిపిస్తున్న 'కంటెంట్ క్రియేటర్' కెరీర్ మీద నాకు అనుమానాలే ఎక్కువ.

కానీ మీ అసలు భయం పిల్లాడు చెడిపోతున్నాడేమోనని. చెడిపోలేదు. లెక్క విప్పి చెప్పగలిగేవాడు చెడిపోయినవాడు కాదు. ఇక వైఫై కట్టేయడం వల్ల ఒరిగిందేమీ లేదు. మొబైల్ డేటాతో అదే పని ఇంకా ఆలస్యంగా చేస్తాడు. మీవారు అరిచే బదులు ఒక రాత్రి పక్కన కూర్చుని, గంటలు ఎక్కడ పోతున్నాయో చూసి ఉండాల్సింది. ఒక్కో వీడియోకి ట్రైపాడ్ నిలబెట్టడం, లైటు సర్దడం, టైటిళ్లు మళ్లీ మొదటినుంచి చేయడం, ఇవన్నీ నెలకు ఎనిమిదిసార్లు జరుగుతున్నాయి.

ఎనిమిదీ ఒకే ఆదివారం రికార్డ్ చేయమనండి. స్క్రిప్టులు మాత్రం ఆ వారమంతా సాయంత్రాలు రాసుకోవాలి, ఒక్కోదానికి ఒక పేజీ చాలు. ఆలోచిస్తూ రికార్డ్ చేస్తే ఆదివారం మూడు వీడియోలకే అయిపోతుంది. కష్టమైన లెక్కలు పొద్దున్నే పెట్టుకోవాలి, ఎందుకంటే ఐదో వీడియోకి గొంతు దిగిపోతుంది. నాలుగయ్యాక భోజనం, విశ్రాంతి, తర్వాత మిగతా నాలుగు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. విడిగా చేస్తే తప్పు ఒక వీడియోతో పోతుంది, బ్యాచ్‌లో ఎనిమిదికీ పాకుతుంది. అందుకే ముందు అర నిమిషం టెస్ట్ తీసి ఇయర్‌ఫోన్స్‌తో వినాలి, మైకు చొక్కాకి రాసుకుంటోందా, ఫ్యాన్ చప్పుడు వస్తోందా అని. కిటికీ వెలుతురు గంటగంటకీ మారుతుంది, కర్టెన్ వేసి ఒకే లైటు వాడాలి. వెలుగు, రంగు మధ్యలో మారిపోకుండా కెమెరాలో ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్ల కింద వీడియోలో చారలు పాకుతాయి. ఫోన్ ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే అవి సాధారణంగా పోతాయి. రెండు గంటల ఫుటేజీకి 1080p లో చాలా ఫోన్లలో సుమారు 16 జీబీ పడుతుంది. ముందురోజే ఖాళీ చేసుకోవాలి, లేదంటే ఆరో వీడియో మధ్యలో ఆగిపోతుంది.

తప్పు మాట్లాడినప్పుడల్లా ఒక్కసారి చప్పట్లు కొట్టి, ఆ వాక్యం మళ్లీ చెప్పమనండి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు ఆడియో గీతలో నిటారుగా కనపడుతుంది. మొత్తం వినకుండా నేరుగా అక్కడికి వెళ్లి, దాని ముందున్న తప్పు ముక్క కోసేయవచ్చు. అతను ఆదా చేసే సమయంలో పెద్ద భాగం ఇదే.

ఎడిటింగ్ కూడా వీడియో తర్వాత వీడియోగా కాదు, పని తర్వాత పనిగా చేయాలి. ఒక సాయంత్రం ఎనిమిదింటిలోనూ కోతలే. ఇంకో సాయంత్రం ఆడియో: ఒకదానిలో లెవెల్ సరిచేసి, ఆ సెట్టింగే మిగతా ఏడింటికీ పేస్ట్. మూడో సాయంత్రం టెంప్లేట్‌లో సూత్రాలు, టైటిళ్లు, తర్వాత థంబ్‌నెయిల్స్ అన్నీ ఒకేసారి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో ఒక్కోదాన్నీ Add to Render Queue నొక్కి, చివర్లో Render All ఇచ్చి పడుకోవచ్చు. రాత్రి కంప్యూటర్ మేలుకోవాలి, పిల్లాడు కాదు. అప్‌లోడ్ చేసి Schedule లో తేదీలు పెట్టేస్తే ఆ నెల పని తెమిలినట్టే.

ఇది అన్నింటికీ పనికిరాదు. వార్తల ఛానలైతే నెల ముందే తీసింది పాతబడుతుంది, ఫిజిక్స్ లెక్క పాతబడదు. ఇంకో ఇబ్బంది, జనం ఎక్కడ వదిలేసి వెళ్తున్నారో తెలిసేలోపే ఎనిమిదీ తయారైపోతాయి. అందుకని మొదటి నెల నాలుగే బ్యాచ్‌లో చేసి, యూట్యూబ్ స్టూడియోలో జనం ఎక్కడ జారిపోతున్నారో గ్రాఫ్ చూసి, మిగతా నాలుగు మార్చుకోవాలి.

సెమిస్టర్ పరీక్షలకు నెల ముందే ఒక బ్యాచ్ షెడ్యూల్‌లో పెట్టి, అవి అయ్యేదాకా కెమెరా ముట్టుకోకూడదని అతనితో మాట తీసుకోండి. దానికి బదులు మీరూ ఒక మాట ఇవ్వాలి: ఆ ఆదివారం ఇంట్లో మిక్సీ, టీవీ ఆపుతారు, చుట్టాలను పిలవరు, మీవారు వైఫై జోలికి వెళ్లరు.