నేరస్తుడి ప్రొఫైలింగ్: చేతిలో లిస్టు ఉంటేనే పనికొస్తుంది

ప్రశ్న: వెబ్ సిరీస్‌లలో ప్రొఫైలర్ వచ్చి శవాన్ని చూసి "వీడికి పెళ్లి కాలేదు, తల్లితో పడదు" అని చెప్పేస్తాడు. నిజంగా అలా పట్టుకుంటారా, లేక సోది చెప్పడం లాంటిదేనా? మన దగ్గర పోలీసులు వాడతారా?

జవాబు:

వరంగల్ వైపు క్రైమ్ స్టేషన్లలో పనిచేసి రిటైర్ అయినవాణ్ని. నేరం జరిగిన తీరు చూసి చేసినవాడు ఎలాంటివాడో అంచనా కట్టడమే ప్రొఫైలింగ్. మా చేతికొచ్చే హత్యల్లో చాలావాటికి దీని అవసరమే రాదు. చంపినవాడు ఇంట్లోవాడో, పాలివాడో, అప్పు దగ్గర గొడవపడ్డవాడో అయి ఉంటాడు. కాల్ డేటా, సీసీ కెమెరాలు, చివరిసారి ఎవరితో కనబడ్డాడన్న వాకబుతో తేలిపోతుంది. 2020 మేలో గొర్రెకుంట బావిలో 9 శవాలు దొరికినప్పుడు మొదట ఆత్మహత్యలనే మాట నడిచింది. తీరా చూస్తే, అంతకుముందు చేసిన ఒక హత్య బయటపడకుండా తెలిసిన మనిషే చేసిన పని. ఆ కారణం శవాలను ఎంతసేపు చూసినా కనబడేది కాదు.

ముక్కూమొహం తెలియనివాడు వరసగా నేరాలు చేస్తుంటే మాత్రం లెక్క మారుతుంది. 1980లలో లండన్ చుట్టుపక్కల రైల్వే స్టేషన్ల దగ్గర అత్యాచారాలు, తర్వాత మూడు హత్యలు జరిగాయి. పోలీసుల దగ్గర సుమారు 2000 మంది అనుమానితుల లిస్టు తయారైంది. జాన్ డఫీ పేరు అందులోనే ఉంది, కానీ ఎక్కడో అడుగున. 1986లో డేవిడ్ కాంటర్ అనే సైకాలజిస్టు నేరాల తేదీలు, చోట్లు పటం మీద పరిచి చూశాడు. మొదటి నేరాలు జరిగిన ప్రాంతంలోనే మనిషి నివాసం ఉండాలని, రైల్వే సంగతులు తెలిసినవాడని, పెళ్లయినా పిల్లలు లేరని, కాపురం సరిగా లేదని రాసిచ్చాడు. డఫీ ఉండేది కిల్‌బర్న్‌లో, ఒకప్పుడు రైల్వేలో వడ్రంగి. ఆ కాగితంతో అతని పేరు పైకొచ్చింది, నిఘా పెట్టారు. అయితే కోర్టులో శిక్ష వేయించింది ప్రొఫైల్ కాదు. తల్లిదండ్రుల ఇంట్లో దొరికిన అరుదైన తాడు, బట్టల పోగులు, బతికి బయటపడ్డవాళ్ల గుర్తింపు. లిస్టు లేకుండా ఆ కాగితం ఒక్కటే ఉండి ఉంటే దాంతో ఎవరిని వెతికేవాళ్లు?

కాంటర్ బృందం తర్వాత ఒక చిన్న లెక్క కూడా చూపించింది. ఒకే మనిషి చేసిన నేరాల్లో బాగా దూరంగా ఉన్న రెండు చోట్లను కలిపి, దాన్నే వ్యాసంగా తీసుకుని వృత్తం గీయాలి. 1993లో అచ్చయిన వాళ్ల అధ్యయనంలో 45 మంది వరస అత్యాచార నేరస్తుల్లో 39 మంది ఇల్లు ఆ వృత్తం లోపలే ఉంది.

మా దగ్గర తాళం వేసిన ఇండ్లల్లో దొంగతనాలు వరసగా జరిగినప్పుడు, ట్రైనింగ్‌లో ఇది చదివొచ్చిన కుర్ర ఎస్సై ఫాతిమానగర్ నుంచి సుబేదారి దాకా అలాంటి వృత్తమే గీశాడు. "సార్, ఈ గీత లోపలున్న పాత నేరస్తులందర్నీ పిలిపిద్దామా?" అన్నాడు. పిలిపించాం, ఒక్కడూ కాదు. చివరికి ఒక బీరువా తలుపు మీది వేలిముద్ర పాత రికార్డుతో కలిసింది. దొంగ మంచిర్యాల వైపు వాడు. సాయంత్రం బండికి కాజీపేటలో దిగి, పని చూసుకుని, తెల్లారేలోపు వెనక్కి పోయేవాడు. ఇంటి చుట్టూ తిరిగి చేసేవాడి మీదే ఆ వృత్తం పనిచేస్తుంది. ఊరు దాటి వచ్చేవాడైతే గీత లోపలున్నవాళ్లను ఊరికే వేధించినట్టే అవుతుంది. నేరం చేసినవాడు ఈ రెంటిలో ఏ రకమో మాత్రం పట్టుబడేదాకా పటం చెప్పదు. జంక్షన్ ఊళ్లో ఇది మరీ ఇబ్బంది.

మనస్తత్వం గురించి చెప్పే భాగం ఇంకా బలహీనం. "ఇలాంటి నేరం చేసినవాడు ఇలాంటి మనిషి" అన్నదే దాని పునాది. 2002లో మోక్రోస్, అలిసన్ అనే పరిశోధకులు బ్రిటన్‌లో 100 మంది అత్యాచార నేరస్తులను పోల్చి చూస్తే, నేరం చేసిన తీరు కలిసినవాళ్ల వయసు, చదువు, ఉద్యోగం, పాత కేసులు కలవలేదు. అలిసన్ ఇంకో పరీక్ష పెట్టాడు. ఒకే ప్రొఫైల్‌ను పోలీసులకిచ్చి, సగం మందికి అసలు నేరస్తుడి వివరాలు, మిగతా సగానికి కల్పించిన మనిషి వివరాలు చూపించాడు. రెండు గుంపులూ బాగానే సరిపోయిందన్నాయి. "మనుషులతో కలవడు, కోపం దాచుకుంటాడు" లాంటి మాటలు మా స్టేషన్లో సగం మందికి సరిపోతాయి, నాతో సహా.

1992లో లండన్ వింబుల్డన్ కామన్‌లో ఒక తల్లిని చిన్న కొడుకు కళ్లెదుటే చంపారు. ప్రొఫైల్‌కు సరిపోయాడని పోలీసులు ఒక స్థానికుడి మీద పడ్డారు. మహిళా పోలీసును స్నేహితురాలిలా పంపి, నెలల తరబడి ఉత్తరాలు రాయించారు. అతను ఒప్పుకోలేదు. 1994లో జడ్జి ఆ సాక్ష్యం చెల్లదన్నాడు, కేసు కూలిపోయింది. అసలు హంతకుడు రాబర్ట్ నాపర్ అని డీఎన్ఏతో తేలి, 2008లో శిక్ష పడింది. మధ్యలో, 1993 నవంబర్‌లో, అతను ఇంకో తల్లినీ ఆమె పాపనూ చంపాడు.

ఇప్పుడు ఎవరైనా ప్రొఫైల్ తెచ్చి చూపిస్తే నేను అడిగేవి రెండు. ఇది అరెస్టుకు ముందు తేదీ వేసి రాసిందేనా? ఏ సంగతి బయటపడితే ఇది తప్పని ఒప్పుకుంటారు?